చేరడానికి వేరే షరతు లేదు

మంగంపేట దగ్గర ముగ్గురాయిని పొడిచేసే మిల్లుల్లో పనిచేసేవాళ్ళ జుట్టు సాయంత్రానికి తెల్లబడుతుంది. ఇంటికి పోయి తలంటుకుంటే మళ్ళీ నల్లబడుతుంది. ఏసుమణికి మాత్రం నలభై దాటక ముందే నిజంగా నెరిసింది. ఆఫీసు గదిలో కూర్చునే మనిషికి అంత దుమ్ము యాడినుంచి తగిలిందని మిల్లులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆమెది కమలాపురం పక్క పల్లె. అమ్మానాన్నలు ఒకరి చేన్లో పత్తి తీసి, ఇంకొకరి చేన్లో శనక్కాయలు పీకి ఆమెను బీకాం దాకా చదివించారు. కంప్యూటరు టైపు నేర్చుకుని కోడూరులో గది తీసుకుని ఈ మిల్లులో చేరింది. మొదట్లో ఆమె పని బిల్లులు కొట్టడం. తర్వాత హాజరు పట్టీలు, ఆ తర్వాత పీఎఫ్, ఈఎస్ఐ. చివరికి ఎవరినైనా పనిలోకి తీసుకుంటే వాళ్ళకిచ్చే లెటర్లు కూడా ఆమె మీదే పడ్డాయి. ఆ సీటుకు ఒక పేరంటూ ఎవరూ పెట్టలేదు. బయటివాళ్ళు వస్తే యజమాని భూపేష్ "మా హెచ్ఆర్ మేడం" అని చూపించేవాడు. వాళ్ళు పోగానే ఆమె మళ్ళీ "ఏమ్మా ఏసుమణీ" అయ్యేది.

లెటర్లకు ఒక పాత నమూనా ఉండేది. ఇంగ్లీషులో పదిహేను లైన్లు. ఏసుమణి అందులో పేరు, తేదీ, జీతం మార్చి ప్రింటు తీసేది. ఉద్యోగం పేరు దగ్గర ఎప్పుడూ గుండుగుత్తగా ఒక మాట. ప్రొబేషన్ దగ్గర "యాజమాన్యం సంతృప్తి చెందేవరకు". చివర్లో "కంపెనీ నిబంధనలకు లోబడి". ఆ నిబంధనల పుస్తకం ఒకటుందా అని ఆమె ఒకసారి మేనేజరు దేవేంద్రప్పను అడిగింది.

"నిబంధనలంటే మనమేనమ్మా," అని ఆయన నవ్వాడు.

హనుమేష్ వచ్చినప్పుడు ఇచ్చింది కూడా ఆ లెటరే. ఆలూరు పక్కనుంచి వచ్చిన ఎలక్ట్రీషియను. ఐటీఐ చదివాడు. మాట్లాడితే సగం కన్నడం దొర్లేది. భార్య మధులతను, మూడేళ్ళ కూతురిని తీసుకొచ్చి మిల్లుకు దగ్గర్లోనే రేకుల ఇంట్లో దిగాడు. లెటరు చేతికిచ్చిన రోజు అతను దాన్ని తిప్పి తిప్పి చూసి అడిగాడు.

"మేడం, ఈడ టెక్నీషియన్, మెయింటెనెన్స్ అని ఉండాది. నేను చేయాల్సింది కరెంటు పనే కదా?"

"అంతే హనుమేష్. అందరికీ అట్లనే రాస్తాం," అంది ఏసుమణి.

ఐదో నెలలో అతను చనిపోయాడు. పొడి మోసుకుపోయే బెల్టు ఇరుక్కుంది. మోటారుకేమో అయిందని అతన్ని పిలిచారు. మోటారు బాగానే ఉంది. రోలరు కింద ముద్దకట్టిన పొడిని గీకడానికి అతను వంగాడు. అవతలినుంచి ఎవరో స్విచ్చి వేశారు. అన్నం వేళ అయింది కాబట్టి యార్డులో జనం తక్కువ. అరుపు విన్నవాళ్ళు కూడా మొదట బెల్టు కీచుమంటోందని అనుకున్నారు.

ఆ సాయంత్రం దేవేంద్రప్ప చెప్పిన మొదటి మాట ఏసుమణి చెవిలో ఉండిపోయింది. "బెల్టు కాడికి పొమ్మని నేను చెప్పలే. అది వాని పని కాదు."

ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు. మిల్లులో అందరికీ తెలుసు, బెల్టు ఆగితే పిలిచేది హనుమేష్‌నే అని. తెలియడం వేరు, రాసి ఉండటం వేరు. ఆ లెటరు టైపు కొట్టింది ఏసుమణే. ఆదివారం చర్చికి పోయింది గానీ పాట అందుకోలేకపోయింది.

శవాన్ని ఆలూరు పక్కకు తీసుకుపోయినప్పుడు భూపేష్ కూడా కారులో వెళ్ళాడు. ఊరిపెద్దలు చుట్టూ చేరారు. జీతం ఎక్కువ కాబట్టి హనుమేష్ ఈఎస్ఐ బీమా కిందికి రాడు. పరిహారానికి లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెడితే మిల్లే కట్టాలి. ఆ సంగతి ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు తెలుసు, భూపేష్‌కూ తెలుసు. ఆయన హనుమేష్ తల్లి రామలక్ష్మమ్మ చేతులు పట్టుకుని అందరి ముందూ చెప్పాడు.

"మీ కోడలికి మా మిల్లులో పర్మినెంటు ఉద్యోగం. పద్దెనిమిది వేల జీతం. ఆఫీసులో కూర్చునే పని. ఇది నా మాట."

పెద్దలు ఊరికే పోనీయలేదు. "మాట కాదప్పా, కాగితం పంపు," అన్నారు.

ఆ కాగితం రాసే పని ఏసుమణికి వచ్చింది.

భూపేష్ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆమెను కూర్చోమనడం అరుదు. "పాత నమూనాలోనే కొట్టు. ఆఫీస్ అసిస్టెంట్, కంపెనీ అప్పగించే ఇతర పనులు. పద్దెనిమిది వేలు. ప్రొబేషన్ ఏడాది, మనం సంతృప్తి పడేదాకా. చివర్లో కంపెనీ కోరిన ఇతర పత్రాలు సమర్పించాలని పెట్టు. రేపు వాళ్ళ ఊరి మనుషులు వస్తాండారు."

"ఇతర పత్రాలంటే ఏమేమి సార్?"

భూపేష్ దేవేంద్రప్ప వైపు చూశాడు. దేవేంద్రప్ప గొంతు తగ్గించి చెప్పాడు. "స్టాంపు పేపరు ఒకటి తీసిపెట్టినాం. మొగుడి సావుకు పరిహారం అడగనని రాసిస్తాది. అది ఇస్తేనే చేర్చుకునేది. లెటర్లో అదంతా వద్దు. ఇతర పత్రాలంటే సాలు."

ఏసుమణి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పాత నమూనా తెరిచింది. పేరు మార్చేచోట ఇంకా హనుమేష్ పేరే ఉంది. అతని తర్వాత ఎవరినీ తీసుకోలేదు. ఆమె ఆ ఫైలు మూసేసి ఖాళీ పేజీ తెరిచింది. మధులత ఇంటర్ దాకా తెలుగులో చదివిందని ఆమెకు తెలుసు. తెలుగులోనే రాయడం మొదలుపెట్టింది.

ఉద్యోగం పేరు, దాని కిందే ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనులు. లోపలికి వచ్చే ఉత్తరాలు నమోదు చేయడం, హాజరు పట్టీ రాయడం, లారీల బిల్లులు ఫైలు చేయడం. పనిచేసే చోటు మిల్లు ఆఫీసు గది. ఆపైన ఒక లైను: "యంత్రాలు ఉన్న షెడ్డులో గానీ, బెల్టుల దగ్గర గానీ మీకు ఏ పనీ ఉండదు. అక్కడికి వెళ్ళమని ఎవరు చెప్పినా వెళ్ళనవసరం లేదు." ఆ లైను రాసి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

జీతం దగ్గర ఆగింది. భూపేష్ అన్న పద్దెనిమిది వేలు మిల్లుకయ్యే మొత్తం ఖర్చు. అందులో మిల్లు తన వాటాగా కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా కలిసిపోయాయి. అవి తీసేస్తే జీతం సుమారు పదహారు వేలు. ఆమె విడదీసి రాసింది. మూలవేతనం, కరువు భత్యం కలిపి పదమూడు వేల ఐదువందలు. ఇంటి అద్దె భత్యం రెండు వేల ఐదువందలు. అందులోంచి మధులత వాటా పీఎఫ్ పదహారు వందల ఇరవై, ఈఎస్ఐ నూట ఇరవై, వృత్తి పన్ను నూట యాభై పోతాయి. చేతికి వచ్చేది పద్నాలుగు వేల నూటపది. మిల్లు కట్టే వాటాలు కింద విడిగా చూపించి, "ఇవి మీ చేతికి వచ్చే జీతంలో భాగం కావు" అని రాసింది.

ప్రొబేషన్ ఆరు నెలలు. కావాలంటే ఒక్కసారి మాత్రం మూడు నెలలు పొడిగించవచ్చు, గడువు ముగియకముందే, కారణం రాసి. రాసి ఇవ్వకపోతే ఉద్యోగం ఖాయమైనట్టే. ప్రొబేషన్లో ఎవరు ఎవరిని వద్దనుకున్నా పదిహేను రోజుల ముందు కాగితం ఇవ్వాలి, లేదా ఆ రోజుల జీతం ఇవ్వాలి.

చేరడానికి షరతులు. ఈ లెటరుకు ఒప్పుకుంటున్నట్టు వారంలోపు సంతకం. ఆధారు, ఇంటర్ సర్టిఫికెటు, బ్యాంకు పాసుబుక్కు నకళ్ళు, అసలువి చూసి అప్పుడే తిరిగి ఇస్తారు. మిల్లు ఖర్చుతో వైద్య పరీక్ష. ఇక మిగిలింది నాలుగోది. ఏసుమణి దాన్ని కూడా దాచకుండా కొట్టింది: "మీ భర్త హనుమేష్ మరణానికి పరిహారం కోరనని స్టాంపు పేపరు మీద రాసిస్తేనే మిమ్మల్ని ఉద్యోగంలో చేర్చుకుంటాము."

పొద్దున భూపేష్ ఆ కాగితం చదువుతుంటే ఆమె నిలబడే ఉంది. జీతం దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఊళ్ళో పద్దెనిమిది అని చెప్పినా. నువ్వు పద్నాలుగని రాస్తే నా మాట ఏమైతాది?"

"మొదటి జీతం రోజు ఆమె లెక్కపెట్టుకుంటాది సార్. అప్పుడైనా అదే మాట వస్తాది."

ఆయన పేజీ తిప్పాడు. నాలుగో షరతు దగ్గర చెయ్యి ఆగింది. ముఖం ఎర్రబడింది.

"ఇదేందమ్మా? ఇట్ల రాస్తారా ఎవరైనా?"

"మీరు చెప్పిందే రాసినా సార్."

"నేను ఇతర పత్రాలని రాయమన్నా!"

"ఏ పత్రాలని ఆ పిల్ల నన్నే అడుగుతాది. అడిగితే చెప్పాల. చెప్పేదేదో రాసినా." ఆమె చేతులు చీరకొంగులో చుట్టుకుంది. "రాయడానికి వీల్లేని షరతైతే తీసేయమంటే తీసేస్తా సార్."

దేవేంద్రప్ప కాగితం లాక్కుని చూసి నాలుక కరుచుకున్నాడు. "సార్, ఇది లేబర్ ఆఫీసులో పడితే మనకే ఉరి. ఇట్లాంటి రాత చెల్లదు కూడా. తీపియ్యండి. స్టాంపు పేపరు సంగతి నేను నోటితో చూసుకుంటా."

ఊరివాళ్ళు జీపు దిగుతున్న చప్పుడు బయట వినిపించింది. ఏసుమణి పోయి నాలుగో షరతు తీసేసింది. ఆ ఖాళీలో ఇంకో లైను కొట్టింది: "పైన రాసిన మూడు తప్ప, ఈ ఉద్యోగంలో చేరడానికి వేరే షరతు గానీ, ఇవ్వాల్సిన వేరే పత్రం గానీ లేదు."

భూపేష్ పెన్ను పట్టుకుని ఆ లైను దగ్గర మళ్ళీ ఆగాడు. "ఇదెందుకు?"

"రేపు ఆఫీసర్లు ఎవరు చూసినా మనం ఏమీ అడగలేదని తెలుస్తాది సార్."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆయన తనకు పనికొచ్చే అర్థమే తీసుకుని సంతకం పెట్టాడు. ఊరిపెద్దలు ఆ కాగితాన్ని గట్టిగా చదివించుకున్నారు. పద్నాలుగు వేల దగ్గర గొణిగారు గానీ, తెలుగులో ఉన్నందుకు సంతోషించారు.

నాలుగు రోజులకు మధులత వచ్చింది, అత్తను వెంటబెట్టుకుని. రామలక్ష్మమ్మ ఆఫీసు గుమ్మంలోనే కూర్చుంది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. బెల్టు తిరుగుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపిస్తూనే ఉంది.

"అక్కా, ప్రొబేషన్ అంటే ఏంది?" మధులత అడిగింది. "ఆయన పోయినప్పుడు అందరూ అదే మాట అన్నారు, ప్రొబేషన్లో ఉండాడని. అదేదో తప్పు చేసినట్టు."

"నువ్వు పనికొస్తావో లేదో వాళ్ళు చూసే కాలం. నీకు ఈ చోటు పనికొస్తాదో లేదో నువ్వు చూసే కాలం కూడా."

మధులత యార్డు వైపు చూసింది. "నాకు పనికిరాదని ఇప్పుడే తెలుసక్కా. అయినా చేరాల. పాపకు పాలు కొనేదానికి దుడ్లు కూడా ఇంట్లో లేవు." తర్వాత వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. బెల్టుల లైను దగ్గర వేలు ఆగింది.

"ఈ ఒక్క ముక్క ఆయన కాగితంలో ఉండింటే?" అంది.

ఆ ప్రశ్నలో నింద లేదు, అదే ఏసుమణి తట్టుకోలేకపోయింది. వేలితో ఆఖరి లైను చూపించింది. "ఇది బాగా చదువుకో మధులతా. రెండుసార్లు చదువుకో. చేరే రోజు ఈ కాగితం చేతిలో పెట్టుకుని రా."

స్టాంపు పేపరు పేరు మాత్రం ఎత్తలేదు.

చేరే రోజు దేవేంద్రప్ప స్టాంపు పేపరు బల్ల మీద పరిచాడు. మెల్లగా, తండ్రిలా మాట్లాడాడు. "మామూలు కాగితమేనమ్మా. సంతకం పెడితే కుర్చీలో కూర్చోవచ్చు."

మధులత దాన్ని పూర్తిగా చదివింది. అప్పుడు సంచిలోంచి తన లెటరు తీసింది.

"వేరే పత్రం లేదని ఈడ ఉండాది కదా సార్."

"అది కాగితం మాట. ఇది సారు మాట."

"సారు సంతకం దీనిమీదనే ఉండాది. ఆ స్టాంపు పేపరు మీద లేదు." ఆమె ఏడుస్తూనే చెప్పింది, కానీ లెటరు వదల్లేదు. "చేర్చుకోకపోతే అదే రాసియ్యండి సార్. మా ఊరోళ్ళకు చూపిస్తా."

దేవేంద్రప్ప ఫోను పట్టుకుని బయటికి పోయాడు. చాలాసేపటికి వచ్చి, హాజరు పట్టీ ఆమె ముందుకు విసిరాడు. మధులత ఉద్యోగంలో చేరింది. అదే నెలలో కడప లేబర్ ఆఫీసులో పరిహారానికి దరఖాస్తు కూడా పెట్టింది.

భూపేష్ ఏసుమణి మీద అరవలేదు. "శానా తెలివిగా రాసినావు," అన్నాడంతే. మరునాడు ఆమెను అదే మిల్లు రెండో యూనిట్‌కు, లారీల తూకం షెడ్డులోకి మార్చారు. దూరం ఎక్కువ, చుట్టూ దుమ్ము. మార్చకూడదని వాదించడానికి ఆమె తన సొంత నియామకం లెటరు పెట్టెలోంచి వెతికి తీసింది. నాలుగు లైన్లు. అవసరమైన చోట అవసరమైన పని చేయాలని ఉంది. మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

మధులతను ఎవరూ ఏమీ అనలేదు. పని ఇవ్వడమే మానేశారు. ఆమె బల్లను కిటికీ పక్కకు జరిపారు. ఆ కిటికీలోంచి కనిపించేది బెల్టు ఒక్కటే. ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టారు కాబట్టి లెటరు తప్పలేదు. కిటికీ ఎటుండాలో రాయాలని ఏసుమణికి తట్టలేదు, తట్టినా రాయగలిగేది కాదు. ఐదో నెల ఆఖర్లో ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు, పని నేర్చుకోవడంలో ఆలస్యమని కారణం చూపించి. ఏ పని ఇచ్చారో చెప్పమని మధులత రాసిచ్చింది. జవాబు రాలేదు. తొమ్మిది నెలలూ నిండాక ఇంకే కాగితమూ రాలేదు కాబట్టి ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజు ఆమె ఇంటికి పోయి పాపను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిందట, ఇంక ఈడినుంచి పోయే దారి లేదని.

పరిహారం కేసులో మిల్లు వకీలు ఒకే మాట పట్టుకున్నాడు, బెల్టు శుభ్రం చేయడం హనుమేష్ ఉద్యోగంలో భాగం కాదని. సాక్ష్యానికి రమ్మని మధులత ఏసుమణిని అడిగింది. ఏసుమణి రెండు రోజులు ఫోను తీయలేదు. మూడో రోజు కడప బస్సెక్కింది.

"ఈ లెటరు రాసింది మీరేనా?" హనుమేష్ లెటరు చూపించి లేబర్ ఆఫీసరు అడిగాడు.

"నేనే సార్."

"మెయింటెనెన్స్ అంటే అర్థం?"

"అర్థం లేకుండా ఉండాలనే రాసేవాళ్ళం సార్. ఏ పనికైనా పిలవచ్చని. బెల్టు ఆగితే ఆయన్నే పిలిచేవాళ్ళు. తనకు కరెంటు పనేనా అని ఆయన నన్ను అడిగినాడు. నేను అవునన్నా. కాగితంలో మాత్రం రాయలేదు."

మిల్లు వకీలు లేచి, మీరు యజమాని మీద కోపంతో చెప్తున్నారు కదా అన్నాడు. ఆమె "ఆ లెటరు చూడండి సార్" అని మాత్రం అంది.

ఆ నెలాఖరుకు ఏసుమణిని పనిలోంచి తీసేశారు. తీర్పు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మధులత గెలిచింది. మిల్లు అప్పీలుకు పోయింది. అప్పీలు కోసం మిల్లు కట్టిన డబ్బు కోర్టులోనే ఉంది, బిడ్డ పేరున కొంత బ్యాంకులో వేయాలని ఉత్తర్వులో ఉంది. రామలక్ష్మమ్మ ఆ మాట వినకముందే పోయింది.

ఏసుమణి ఇప్పుడు మైదుకూరులో ఒక పసుపు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తోంది. మధులత అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఒకసారి అడిగింది, "అక్కా, నీకు లెటరిచ్చినారా?"

"అడిగినా. ఇస్తామన్నారు."

"ఎప్పుడు?"

"వాళ్ళకు తీరినప్పుడంట," అంది ఏసుమణి. తర్వాత ఇద్దరూ పాప బడి గురించి మాట్లాడుకున్నారు. ఫోనులో మధులత గొంతు వెనక బెల్టు తిరుగుతూనే ఉంది. దానికి ఇప్పుడు ఇనుప జాలీ బిగించారని, లాగితే బెల్టు ఆగే తాడు కూడా కట్టారని ఆమె చెప్పింది.